మెయిళ్లు తీసేసినా బరువు తగ్గని అవుట్‌లుక్ ఫైలు: నా అనుభవం

నా అవుట్‌లుక్ డేటా ఫైలు 41 జీబీ నుంచి నిన్న రాత్రి 18 జీబీ లోపుకు దిగింది. అంతకుముందు నేను దానిలోంచి సగానికి పైగా మెయిళ్లు తీసేసినా ఫైలు సైజు కొంచెమైనా తగ్గలేదు. ఆ మధ్యకాలంలో నేను పడిన మాటలు ఇంకా మనసులో పచ్చిగానే ఉన్నాయి కనుక, ఇదే చిక్కులో ఉన్నవారికి పనికివస్తుందని వెంటనే రాస్తున్నాను.

మెయిళ్లు తీసేయడం తేలికైన పని. ఒక్కొక్క ఫోల్డర్‌ను సైజు వరుసలో పేర్చి, పెద్ద పెద్ద అటాచ్‌మెంట్లున్న పాత మెయిళ్లను డిలీట్ చేసి, తర్వాత Deleted Items ఫోల్డర్‌ను కూడా ఖాళీ చేశాను. చాలామంది Sent Items సంగతి మరిచిపోతారు. మనం పంపిన ప్రతి అటాచ్‌మెంటుకూ ఒక ప్రతి అక్కడ పడి ఉంటుంది కాబట్టి, నా ఫైలులో సగం బరువు అక్కడే దొరికింది.

ఆ పని ముగించి ఎక్స్‌ప్లోరర్‌లో చూస్తే ఫైలు పక్కన అదే 41 జీబీ కనిపించింది. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసినా ఆ అంకె కదలలేదు. డిస్కు నిండిపోయి ఇతర పనులు ఆగిపోతున్నందున ఆఫీసులోని సాంకేతిక సహాయ విభాగానికి ఫిర్యాదు పెట్టాను. అసలు ఇబ్బంది అక్కడినుంచే మొదలైంది.

వచ్చిన ఉద్యోగి నా తెర చూసి, పక్కన మరో ఇద్దరు కూర్చుని ఉండగానే, "మీరు నిజంగా డిలీట్ చేశారా, లేక వేరే ఫోల్డర్‌లోకి మార్చారా?" అని అడిగాడు. Deleted Items ఖాళీగా ఉందని చూపించాను. "అయితే సర్వర్ మీద ఉండిపోయి ఉంటాయండి, కొన్నాళ్లు ఆగితే అవే పోతాయి" అన్నాడు. ఆ మాట నా ఫైలుకు వర్తించదు. తీసేసిన మెయిళ్లను కొంతకాలం దాచి ఉంచే ఏర్పాటు సర్వర్ మీద ఉండే ఎక్స్‌చేంజ్ మెయిల్‌బాక్సులకు ఉంటుంది. నాది కేవలం నా కంప్యూటర్‌లో ఉన్న .pst ఫైలు. దానికి, సర్వర్‌కు ఏ సంబంధమూ లేదు. ఆ సంగతి చెప్పినా వినిపించుకోకుండా, ఫైలు పాడైపోయి ఉంటుందని తేల్చి, SCANPST.EXE నడపమని సలహా ఇచ్చి వెళ్లిపోయాడు.

ఆ సలహా మీద నాకున్న కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. SCANPST.EXE ఉన్నది దెబ్బతిన్న ఫైలును మరమ్మతు చేయడానికి. ఖాళీ జాగాను బయటకు వదిలించడం దాని పని కాదు. పైగా మరమ్మతుకు ముందు ఫైలుకు ఒక ప్రతి తీసిపెట్టమని అదే టిక్ పెట్టి అడుగుతుంది, ఆ ప్రతి మూల ఫైలంత పెద్దగా ఉంటుంది. డిస్కు నిండిందని మొరపెట్టుకున్న మనిషి చేత మరో 41 జీబీ ప్రతి తీయించే పని అది. నా డిస్కులో అంత జాగా లేదు కాబట్టి ఆ ప్రతిని బయటి డ్రైవ్‌లోకి మళ్లించి స్కాన్ నడిపాను. చాలాసేపటికి అది ముగిసింది, ఫైలు మాత్రం 41 జీబీగానే ఉంది. ఫలితం చెప్పినప్పుడు ఆ విభాగం నుంచి వచ్చిన జవాబు, మళ్లీ మొత్తం డిలీట్ చేసి చూడమని. లేని మెయిళ్లను మళ్లీ ఎలా డిలీట్ చేయాలో వారే చెప్పాలి. అలా ఒక రోజంతా పోయాక, ఎవరూ చెప్పని ఒక చిన్న పరీక్షతో విషయం తేలింది.

ఎడమవైపు ఫోల్డర్ల జాబితాలో డేటా ఫైలు పేరు మీద కుడి బటన్ నొక్కి, Data File Properties తెరిచి, అందులోని Folder Size నొక్కాను. ఒక చిన్న కిటికీలో ఒక్కో ఫోల్డర్ ఎంత జాగా తింటోందో, ఉప ఫోల్డర్లతో కలిపి మొత్తం ఎంతో, కేబీలలో కనిపిస్తుంది. నా మొత్తం సుమారు 1,78,00,000 కేబీ, అంటే దాదాపు 17 జీబీ. ఎక్స్‌ప్లోరర్ చూపేది 41, లోపల నిజంగా ఉన్న మెయిళ్లు 17. మిగిలిన 24 జీబీ ఎవరికీ చెందని ఖాళీ. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, డిలీట్ అయిందా లేదా అన్న వాదనకు తావే ఉండదు. ఇలాంటి ఫిర్యాదు ఎవరు తెచ్చినా మొదట చేయవలసింది ఈ పోలికే.

మరి ఆ ఖాళీ ఫైలులోనే ఎందుకు ఉండిపోయింది? .pst ఫైలు లోపల ఏ భాగం నిండి ఉంది, ఏది ఖాళీ అన్నది నమోదు చేసే పట్టీలు ఉంటాయి. ఆ పట్టీలో ఒక్కో బిట్టు ఫైలులోని 64 బైట్ల జాగాకు గుర్తు. ఒక్కో పట్టీ సుమారు 248 కేబీల మేరకు లెక్క చూస్తుంది, ఆ మేర దాటగానే తర్వాతి పట్టీ మొదలవుతుంది. మెయిల్‌ను పూర్తిగా తీసేసినప్పుడు అవుట్‌లుక్ చేసేది ముఖ్యంగా దాని జాగాకు చెందిన బిట్లను ఖాళీ అని మార్చడమే. ఆ తొలగించిన మెయిల్ ఫైలు మధ్యలో ఉన్నదనుకోండి. దాని తర్వాత ఇంకా బతికి ఉన్న మెయిళ్లు ఉన్నంతకాలం ఫైలును అక్కడ కోయడం కుదరదు, ఎందుకంటే ఏ ఫైలునైనా పొట్టిగా చేయాలంటే చివరి నుంచే కోయాలి. ఇంట్లో మధ్య గదులు ఖాళీ చేసినంత మాత్రాన ప్రహరీ గోడ లోపలికి జరగదు కదా.

ఆ ఖాళీ వృథా కాదు. కొత్తగా వచ్చే మెయిళ్లను అవుట్‌లుక్ ముందు ఆ ఖాళీల్లోనే సర్దుతుంది, అందువల్ల చాలాకాలం ఫైలు పెరగకుండా నిలుస్తుంది. అవుట్‌లుక్ 2010 నుంచి .pst ఫైలుకు సాధారణ గరిష్ఠ పరిమితి 50 జీబీ, అంతకు ముందున్న 2003, 2007 వెర్షన్లలో 20 జీబీ. మీ భయమంతా ఆ పరిమితిని తాకుతామేమోనన్నదే అయితే, డిలీట్ చేసి ఊరుకున్నా నష్టం లేదు, లోపల జాగా దొరికినట్టే. డిస్కులో జాగా కావాలన్నా, ఫైలును బ్యాకప్ తీసి మరో చోటికి మోయాలన్నా మాత్రం కాంపాక్ట్ చేయక తప్పదు, అంటే బతికున్న మెయిళ్లను దగ్గరకు సర్ది లోపలి ఖాళీని వదిలించి ఫైలును కుదించాలి. ఈ తేడా తెలియక అనవసరంగా రాత్రంతా కాంపాక్ట్ నడిపేవారిని చూశాను.

అవుట్‌లుక్ తనంతట తానే కాంపాక్ట్ చేసుకుంటుందన్నది నిజమే. ప్రోగ్రామ్ తెరిచి ఉండి, కంప్యూటర్‌ను ఎవరూ వాడని సమయంలో వెనుక నెమ్మదిగా చేస్తుంది. మనలో చాలామంది పని ముగియగానే అవుట్‌లుక్‌ను మూసేసి ల్యాప్‌టాప్ మూత దించేస్తాం, అందువల్ల ఆ ఖాళీ సమయం దానికి ఎప్పుడూ చిక్కదు. సైజు వెంటనే తగ్గకపోవడం వెనుక ఉన్న కారణం ఇదే. "కొన్నాళ్లు ఆగండి" అన్న సలహా కంప్యూటర్‌ను రాత్రంతా వెలిగించి ఉంచేవారి విషయంలో పనిచేస్తుంది, నాలాంటి వారి విషయంలో ఎన్నాళ్లు ఆగినా పనిచేయదు.

ఇక చేత్తో చేయించే పద్ధతి. File మెనూలో Account Settings తెరిచి, Data Files ట్యాబులో ఫైలును ఎంచుకొని, Settings నొక్కితే Compact Now అనే బటన్ కనబడుతుంది. నేను ఆ దారిలో వెళ్లలేదు. అవుట్‌లుక్‌ను పూర్తిగా మూసి, కంట్రోల్ ప్యానెల్‌లో Mail అన్న అంశం తెరిచి, అక్కడి Data Files లోంచి అదే Settings, అదే Compact Now నొక్కాను. ఇలా చేస్తే కొత్త మెయిళ్లు రావడం, రూల్స్ నడవడం, యాడ్-ఇన్‌లు మధ్యలో ఫైలును తాకడం వంటి ఆటంకాలు ఉండవు. మొదలుపెట్టే ముందు టాస్క్ మేనేజర్‌లో OUTLOOK.EXE మిగిలి లేదని చూసుకోవాలి, ఎందుకంటే కిటికీ మూసినా అది కొన్నిసార్లు వెనుక నడుస్తూనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కు తగిలించి, నిద్రావస్థలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగ్ మార్చాను. నిద్రపోతే పని సగంలో ఆగుతుంది.

నొక్కగానే Cancel బటన్ ఉన్న ఒక చిన్న కిటికీ వచ్చి అలాగే నిలిచిపోయింది. ఎంత శాతం అయిందో, ఎంతసేపు పడుతుందో అది చెప్పలేదు. పని నడుస్తోందా, ఆగిపోయిందా అని తెలుసుకోవడానికి నేను రిసోర్స్ మానిటర్‌లో Disk ట్యాబు తెరిచి, నా .pst ఫైలు పేరు ఎదురుగా చదవడం, రాయడం అంకెలు మారుతున్నాయా అని చూశాను. అవి మారుతున్నంతసేపు బతికున్న భాగాలు కొత్త చోట్లకు సర్దుకుంటున్నట్టే, ఓపికగా వదిలేయడం మంచిది. ఉదయానికి కిటికీ మూసుకొని ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో F5 నొక్కగా ఫైలు 17.6 జీబీ అని చూపింది. Folder Size చెప్పిన 17 కంటే అది కొంచెం ఎక్కువే. ఫోల్డర్ల పట్టికలు, సూచికలు కూడా ఫైలులో జాగా తీసుకుంటాయి కాబట్టి రెండూ ఎప్పుడూ సరిగ్గా కలవవు.

కాంపాక్ట్‌కు ముందు మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. ఫైలుకు ఒక ప్రతిని బయటి డ్రైవ్‌లో ఉంచండి, .pst ఫైలు నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉంటే ముందుగా స్థానిక డిస్కుకు తెచ్చుకోండి. నెట్‌వర్క్ మీద .pst వాడకాన్ని మైక్రోసాఫ్ట్ సాధారణంగా సమర్థించదు, మధ్యలో కనెక్షన్ తెగితే ఫైలు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. మూడోది మరీ ముఖ్యం: పొరపాటున ఏదైనా విలువైన మెయిల్ తీసేశామన్న అనుమానం ఉంటే కాంపాక్ట్ చేయకండి. ఖాళీ అని గుర్తుపెట్టిన జాగాలో పాత మెయిల్ సమాచారం కొత్తది వచ్చి పడేదాకా ఉండవచ్చు, ఆ దశలో రికవరీ సాధనాలకు దొరికే అవకాశం ఉంటుంది. కాంపాక్ట్ ముగిశాక ఆ ఆశ దాదాపు వదులుకోవలసిందే. ఇదే కారణంతో, ఫైలును మరొకరికి ఇచ్చేటప్పుడు, అందులో తీసేసిన రహస్య మెయిళ్లు ఉంటే, ఇచ్చే ముందే కాంపాక్ట్ చేయడం మేలు.

ఆఫీసు విభాగం నా ఫిర్యాదును "స్కాన్ ద్వారా పరిష్కరించబడింది" అని రాసి మూసేసింది. జరిగినదేమిటో రాసి ఆ వాక్యాన్ని సరిచేయమని కోరాను. తర్వాత వచ్చే ఉద్యోగి పాత ఫిర్యాదు చదివి మరొకరి చేత 41 జీబీ ప్రతి తీయించకూడదన్నదే నా కోరిక. ఇక నాకు మిగిలింది, జాబితాలో కింద ఉన్న పాత archive.pst. ప్రతి డేటా ఫైలునూ విడిగానే కాంపాక్ట్ చేయాలి, ఒకటి తగ్గితే రెండోది తనంతట తగ్గదు. దానికీ అదే పోలిక చూశాను: డిస్కుపై 9 జీబీ, Folder Size లో 8.7 జీబీ. దాన్ని ముట్టుకోకుండా వదిలేశాను.