సీఎంఏ ఫైనల్ అయిపోయింది: ఎస్‌ఎఫ్‌ఎంలో రియల్ ఆప్షన్స్ నాకెలా ఎక్కాయంటే

రిజల్ట్ వచ్చింది, పాసయ్యాను, శ్రీకాకుళంలోనే కూర్చుని ఎలాగ చదివావని అందరూ అడుగుతున్నారు. మిగతా పేపర్లకి కొత్తగా చెప్పడానికేటీ లేదు, పాత ప్రశ్నలు చేసుకుంటూ పోయాను అంతే. స్ట్రాటజిక్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్, అదే ఎస్‌ఎఫ్‌ఎంలో రియల్ ఆప్షన్స్ లెక్క ఒక్కటి మాత్రం వివరంగా చెప్తాను, అంటే ప్రాజెక్టు మొదలెట్టాక నిర్ణయం మార్చుకునే వీలుకి విలువ కట్టడం.

పలాసలో జీడి తొక్కు నుంచి నూనె తీసే పైలట్ ప్లాంట్ అనుకోండి, అంకెలు నేను అల్లుకున్నవే. పెట్టుబడి 11 కోట్లు. ఏడాది తర్వాత మార్కెట్ బాగుంటే ప్లాంట్ విలువ 18 కోట్లు, లేకపోతే 6, ఛాన్స్ సగం సగం. సగటు 12, దాన్ని 20 శాతంతో డిస్కౌంట్ చేస్తే ఇవాల్టి విలువ 10. అందులోంచి పెట్టుబడి 11 తీసేస్తే ఎన్‌పీవీ మైనస్ 1 కోటి, మామూలుగా అయితే వద్దని రాసేసి వెళ్లిపోతాం.

కానీ ఏడాది తర్వాత ఓనరు చేతులు కట్టుకుని కూర్చోడు కదా. బాగుంటే ఇంకో 10 కోట్లు పెట్టి ప్లాంట్ డబుల్ చేస్తాడు, అదనంగా 18 వస్తుంది, మిగులు 8. బాగోకపోతే మెషినరీ 9 కోట్లకి అమ్మేస్తాడు. ఇక్కడ 9 మొత్తం కలపకండి, 6 వదులుకుంటేనే 9 వస్తుంది, ఆ 6 ఎన్‌పీవీలో ముందే ఉంది, కాబట్టి లాభం 3 మాత్రమే.

ఇప్పుడు అసలు చిక్కు. చాలామంది ఆ 8నీ 3నీ అదే సగం ఛాన్స్, అదే 20 శాతంతో ఇవాల్టికి తెస్తారు. 3.33, 1.25 వస్తాయి, ఎన్‌పీవీ 3.58. నేను రిస్క్ న్యూట్రల్ పద్ధతిలో చేశాను, అంటే రిస్క్‌ని రేటులో కాకుండా ఛాన్స్‌లోనే సర్దేసి రిస్క్ ఫ్రీ రేటుతో ఇవాల్టికి తేవడం. రిస్క్ ఫ్రీ రేటు 8 శాతం, q అంటే మార్కెట్ బాగుండడానికి అలా సర్దిన ఛాన్స్:

```
q = (10 × 1.08 − 6) ÷ (18 − 6) = 0.4
expand  = 0.4 × 8 ÷ 1.08 = 2.96
abandon = 0.6 × 3 ÷ 1.08 = 1.67
NPV = −1 + 2.96 + 1.67 = 3.63
```

"3.58కీ 3.63కీ తేడా ఏటిరా, ఎందుకీ గొడవంతా" అన్నాడు మా ఫ్రెండు. టోటల్ చూస్తే వాడిది నిజమే, కానీ విడివిడిగా చూడండి. విస్తరణ ఆప్షన్ ప్లాంట్ కన్నా రిస్కెక్కువ, దానికి తగిన రేటు లెక్కేస్తే 35 శాతం దాకా వస్తుంది, 20తో చేస్తే విలువ ఉబ్బిపోతుంది. అమ్మేసే ఆప్షన్ ఇన్సూరెన్స్ లాంటిది, నష్టమొచ్చినప్పుడే డబ్బిస్తుంది, దాని రేటు మైనస్ 10. ఒకటి ఎక్కువైంది, ఒకటి తక్కువైంది, ఈ అంకెల్లో రెండూ దాదాపు కొట్టుకుపోయాయి. ప్రశ్నలో అబాండన్ ఆప్షన్ విలువ ఒక్కటే అడిగితే 1.25 రాసినవాడు పావు వంతు తక్కువ రాసినట్టే. నేను రెండు లైన్లు ఎక్కువ రాసేది అందుకే, టైం వేస్టన్నవాళ్లు అననీండి.

ఇంకో మాట, ఆ 9 కోట్లని మాత్రం గట్టిగా అనుమానించండి. జీడి నూనెకి మార్కెట్ పడిపోయినప్పుడే కదా మెషిన్లు అమ్మేది, అప్పుడు కొనేవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు. ఆ ధర 6కి దిగితే అబాండన్ ఆప్షన్ సున్నా, ఎన్‌పీవీ 1.96 మిగులుతుంది, అదీ విస్తరణకి ఆ 10 కోట్లు ఆ రోజు దొరికితేనే.