‘ఆమె’ తీసేసి ‘నేను’ పెట్టా

ఇన్నాళ్లూ నా ప్రొఫైల్‌లో పరిచయం ఇలా ఉండేది: “ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో విశేష అనుభవం గడించిన, ఫలితాలే లక్ష్యంగా పనిచేసే నిపుణురాలు.” దాని కింద “నాయకత్వ పటిమ”, “దార్శనికత” కూడా. రాసుకున్నది నేనే, ఎవరో పొగిడినట్టు!

నిన్న రాత్రి మార్చడానికి కూర్చున్నా. మొదట ‘ఆమె’ తీసి ‘నేను’ పెట్టి, ‘నిపుణురాలు’ని ‘నిపుణురాలిని’ చేశా. పైకి చదివితే నాకే సిగ్గేసింది. మూడో మనిషి చాటున దాక్కున్న గొప్పలన్నీ బయటపడ్డాయి. సరే, అసలు నేను రోజూ ఏం చేస్తాను?

“విశేష అనుభవం” పోయి “11 ఏళ్లుగా పేమెంట్ యాప్‌లు టెస్ట్ చేస్తున్నాను” వచ్చింది. “ఫలితాలే లక్ష్యంగా” దగ్గర అరగంట ఆగిపోయా. చివరికి ఇలా రాశా: “డబ్బు కట్ అయి ఆర్డర్ మాత్రం పడని సందర్భాలను వెతికి పట్టుకుంటాను. అందుకోసం మధ్యలో నెట్ ఆపేస్తాను, పే బటన్ రెండుసార్లు నొక్కుతాను.” “నాయకత్వ పటిమ” కాస్తా “ఇద్దరు జూనియర్లకు పని నేర్పుతున్నాను” అయింది. చిన్నగానే ఉంది, కానీ ఇంటర్వ్యూలో ఎవరైనా గుచ్చి అడిగితే తడుముకోకుండా చెప్పగలను. “దార్శనికత”కి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. తీసేశా.

వేదిక మీద వేరేవాళ్లు చదివే పరిచయానికి ‘ఆమె’ కావాలి కదా, దానికోసం రెండు లైన్లు విడిగా దాచుకున్నా. పొగడ్తలు మాత్రం అందులోనూ లేవు.