పాలు – కాలు, పంచె – కంచె

శుక్రవారం, కర్నూలు

పొద్దున పదిన్నరకు పత్తికొండ దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చినాడు. డెబ్బై దాటినాయి. వెంట కోడలు. "మేడమ్, నేను చెప్పేది మామకు సగం ఇనపడదు. ఫోన్లో అయితే ఏమీ ఇనపడదు. టీవీలో వార్తలు మాత్రం బాగనే ఇంటాడు" అంది. ఆమె గొంతులో విసుగు కంటే అనుమానం ఎక్కువ, ఆయన కావాలనే ఇనపడనట్లు ఉంటాడేమో అని. ఆయన తల వంచుకుని పంచె అంచు సర్దుకుంటూ కూర్చున్నాడు. ఆ అనుమానం ఆయనకు తెలుసని నాకు అనిపించింది.

ముందు బీప్ శబ్దాలతో పరీక్ష చేశాను. వయసుతో వచ్చే వినికిడి లోపమే. ఢోలు మోత లాంటి లావు శబ్దాలు బాగానే అందుతున్నాయి, ఈల లాంటి సన్న శబ్దాలు బాగా తగ్గాయి. తర్వాత మాటల పరీక్ష. ఆయన గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే, అద్దం ఇవతల నుంచి మైకులో ఇరవై ఐదు మాటలు చదవాలి. విన్నది విన్నట్టు ఆయన తిరిగి చెప్పాలి. ట్రైనింగ్‌కు వచ్చిన అమ్మాయి చదివింది. ఇరవై ఒకటి సరిగ్గా చెప్పాడు. "బాగానే ఉంది కదా మేడమ్" అందా అమ్మాయి సంతోషంగా.

ఆయన కళ్లు ఆ అమ్మాయి మొహం మీదనే ఉండటం చూశాను. నోటికి అడ్డంగా ఒక కాగితం పెట్టుకుని, వేరే ఇరవై ఐదు మాటలు చదవమన్నాను. ఈసారి పద్నాలుగే వచ్చాయి. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మైకు అదే, గది అదే. పోయినవి పెదవులు మాత్రమే.

తప్పు చెప్పిన మాటలు చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. పాలు అంటే కాలు అన్నాడు. పంచె అంటే కంచె. తోట అంటే కోట. కానీ పాలును బాలు అనలేదు. మాటను బాట అనలేదు. అంటే గొంతు మోగిందా లేదా, గాలి ముక్కులోంచి వచ్చిందా అనేవి ఆయన చెవికి అందుతున్నాయి. అవి లావు శబ్దాల్లో ఉంటాయి. మాట నోట్లో ఎక్కడ పుట్టింది, పెదవుల దగ్గరా, పళ్ల దగ్గరా, గొంతు దగ్గరా అనేది తెలియడం లేదు. ఆ ఆనవాళ్లు ఎక్కువగా సన్న శబ్దాల్లో ఉంటాయి. కన్ను చూసి చెప్పగలిగేది సరిగ్గా ఇదే. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా కనిపిస్తాయి, వాటిని విడదీయడం కంటికి చేతకాదు. కానీ పెదవులు మూసుకున్నాయా లేదా అన్నది కన్ను ఎప్పుడూ తప్పు చెప్పదు. ఆయన చెవి పోగొట్టుకున్న చోటనే కన్ను పని చేస్తోంది. వార్తలు చదివేవాళ్ల మొహం తెర మీద ఎదురుగా ఉంటుంది. కోడలేమో పొయ్యి వైపు తిరిగి మాట్లాడుతుంది. ఇది చెప్పగానే ఆ పిల్ల మొహం మారిపోయింది. "అయ్యో, అట్లనా మామా!" అని ఆయన చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం ఇంట్లో ఇదంతా చెబితే ఆయన (మా ఆయన) నమ్మలేదు. "ఇనపడనోళ్లకు కదా కన్ను సాయం. నా చెవులు బాగానే ఉండాయి" అన్నాడు. సరే, చూపిస్తానన్నాను. ఆయన "గ, గ, గ" అంటుంటే ఫోన్లో వీడియో తీశాను. అదే తాళంలో నేను "బ, బ, బ" అని రికార్డు చేసి, వీడియోలో ఆయన గొంతు తీసేసి నాది పెట్టాను. మొదటిసారి కుదరలేదు. నా గొంతు దాదాపు అర సెకను ఆలస్యంగా పడింది, అందరికీ బ అనే వినిపించింది. జరిపి జరిపి పెదవుల కదలికకు సరిపెట్టాక మళ్లీ వేశాను.

"ద, ద అంటున్నాడు గదా" అంది అత్తమ్మ. ఆయనకూ ద. కళ్లు మూసుకోమన్నాను. బ. తెరిస్తే ద. వీడియోలో ఎవరూ ద అనలేదు. నేనే రికార్డు చేశాను, ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, అయినా నాకూ ద అనే వినిపిస్తుంది. మగవాడి మొహం మీద ఆడగొంతు పెట్టినా ఆగలేదు.

దీన్ని 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ నేచర్ పత్రికలో రాశారు. అందుకే మెక్‌గర్క్ ఎఫెక్ట్ అంటారు. ద ఎందుకు అని ఆయన అడిగాడు. చెవి బ అంటోంది. కన్ను మాత్రం పెదవులు మూసుకోలేదు, కాబట్టి బ కాదు అంటోంది. పోనీ గ అనుకుందామంటే శబ్దం దానికి సరిపోదు. ద అయితే ఇద్దరికీ ఒప్పుదల. దానికి పెదవులు మూయనక్కర్లేదు, శబ్దమూ బ నుంచి మరీ దూరం కాదు. తిప్పి చేస్తే, అంటే పెదవులు బ అని గొంతు గ అయితే, ఇలా మధ్యే మార్గం దొరకదు. పెదవులు మూసుకోవడం కళ్లకు స్పష్టంగా కనిపించింది, దాన్ని కాదనలేం. అప్పుడు చాలామందికి రెండూ కలిసి "బ్‌గ" లాంటిది వినిపిస్తుంది.

నాకు ఇందులో ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉండేది వేరే. బకూ గకూ మధ్య తగాదా వస్తే, వినిపించేది బురద లాంటి శబ్దం కాదు. శుభ్రమైన ద. ఎందుకంటే చెవికి మధ్యలో నిలబడటం రాదు. అమెరికాలో హాస్కిన్స్ లేబొరేటరీలో లీబర్మన్, ఆయన తోటివాళ్లు 1957లో ఇది చూపించారు. యంత్రంతో పద్నాలుగు శబ్దాలు తయారు చేశారు, బ నుంచి డ మీదుగా గ వరకు సమానమైన మెట్లుగా. విన్నవాళ్లకు మెట్లు వినిపించలేదు. బ, బ, బ అంటూ వచ్చి ఒక్కసారిగా డ అయింది. ఒకే అరలో పడ్డ రెండు శబ్దాలను వేరు చేయడం వాళ్లకు చాలా కష్టమైంది. అంతే తేడా ఉన్న రెండు శబ్దాలు గోడకు అటూ ఇటూ పడితే వెంటనే పట్టుకున్నారు. ఇలాంటి హల్లుల్లో ఈ గోడలు గట్టివి. అచ్చుల్లో ఇంత గట్టిగా ఉండవు.

ఆ అరలు కట్టేది మనం పుట్టి పెరిగిన భాష. ఇంగ్లీషువాళ్ల నాలుక డాక్టర్ అనేటప్పుడు పళ్ల వెనక చిగురుకు తగులుతుంది. అది మన ద కాదు, డ కూడా కాదు. మన చెవి దాన్ని నేరుగా డ అరలో వేసేసింది, అందుకే మనం దాక్టర్ అనం. వాళ్లకేమో మన త, ట రెండూ ఒకటే. 1984లో వెర్కర్, టీస్ కెనడాలో హిందీ త, ట వినిపించి చూశారు. ఇంగ్లీషు ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టుకున్నారు. పది, పన్నెండు నెలలకు చాలామందిలో అది పోయింది. ఏడాది నిండకముందే చెవి అమ్మ భాషకు సర్దుకుంటుందన్నమాట. ఉయ్యాలలో పడుకుని ఊరికే చూస్తోందనుకున్న నా కూతురు ఆ నెలల్లో ఎంత పని చేసిందో అని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

దానికిప్పుడు ఏడేళ్లు. అది మాత్రం వీడియో చూసి "బ అంటున్నాడు నాయన" అంది. మూడుసార్లు వేసినా బ అనే అంది. మెక్‌గర్క్ వాళ్ల పరీక్షలోనూ పిల్లలు పెద్దవాళ్లంతగా కంటికి లొంగలేదు. అలాగని ఇది వయసు వల్లనే అని గట్టిగా అనలేను. పెద్దవాళ్లలో కూడా ఇది అసలు పట్టనివాళ్లు ఉన్నారు. ఒక్క పిల్లను చూసి చెప్పలేం.

పెద్దాయనకు సోమవారం మెషిన్ పెట్టి చూస్తాను. ముందు పెదవులు కనిపించేలా, తర్వాత కాగితం అడ్డం పెట్టి. పద్నాలుగు ఎంత అవుతుందో అదే మెషిన్ చేసిన పని. కోడలిని కూడా రమ్మన్నాను. పాలు, పంచె, తోట ఆమె గొంతుతోనే చదివించాలి.