వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ రెజ్యూమెలో సర్టిఫికెట్లు ఎలా రాసుకున్నానంటే – నా అనుభవం

గాజువాకలోని ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో పనిచేస్తూ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్న నాకు నిన్న ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. చదువు, అనుభవం రాయడం ఒక్క సాయంత్రంలో పూర్తయింది. డిజిటల్ మార్కెటింగ్, పైథాన్ ఆన్‌లైన్ కోర్సులు ఈ పనికి పనికిరావు కనుక తీసేశాను. డ్రైవింగ్ లైసెన్సు ప్రకటనలో అడగలేదు కనుక దాన్నీ తీసేశాను.

నన్ను తలదించుకునేలా చేసినది ‘ఏఎస్‌ఎన్‌టీ లెవెల్-2, జీవితకాలం చెల్లుబాటు’ అన్న ఒక్క వరుస. ఏఎస్‌ఎన్‌టీ అంటే లోహాన్ని పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్షల రంగంలోని అమెరికా సంఘం, లెవెల్-2 అంటే ఆ పరీక్షలను సొంతంగా చేయగల స్థాయి. ఆ వరుసను అలాగే రాయమని చెప్పి, ఫీజు తీసుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టింది ఒక శిక్షణ కేంద్రం. కన్సల్టెన్సీలో కూర్చున్న ఉద్యోగి దాన్ని అందరి ముందూ పైకి చదివి, “ఇది ఇచ్చిన కంపెనీ ఏది బాబూ? అక్కడ ఇప్పుడు పనిచేస్తున్నారా?” అని అడిగి, నేను సమాధానం వెతుక్కునేలోపే కాగితాన్ని పక్కన పడేశారు. ఆయన ప్రశ్న సరైనదే అయినా అంతమందిలో అడిగిన తీరును నేను ఇప్పటికీ క్షమించలేను.

అసలు సంగతిని మా యార్డులోని సీనియర్ ఇన్‌స్పెక్టర్ గారు విడమరిచి చెప్పారు. ఏఎస్‌ఎన్‌టీ మార్గదర్శకమైన ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ పద్ధతిలో లెవెల్-2 అర్హతను ఇచ్చేది ఏఎస్‌ఎన్‌టీ కాదు. తన రాతపూర్వక విధానం ప్రకారం శిక్షణ, అనుభవం, పరీక్ష చూసి యజమాని సంస్థే ఇస్తుంది. గరిష్ఠంగా 5 సంవత్సరాలకు దాన్ని పునరుద్ధరించాలి, ఆ ఉద్యోగం వదిలితే అది రద్దయినట్లే. కాబట్టి జీవితకాలం అన్న మాట కనబడగానే, ఈ రంగం తెలిసినవారు మిగతా కాగితాన్నంతా అనుమానిస్తారు.

ఆ వరుసను సర్టిఫికెట్ల విభాగం నుంచి తీసేసి, పాత కంపెనీ ఇచ్చిన అర్హతను అనుభవం కింద, ఆ కంపెనీ పేరు పక్కనే ఇలా రాశాను: “పీటీ, ఎంటీ లెవెల్-2, ఎస్‌ఎన్‌టీ-టీసీ-1ఏ ప్రకారం, కంపెనీ జారీ, 2021–2023”. పీటీ అంటే రంగుద్రవంతో, ఎంటీ అంటే అయస్కాంతంతో పగుళ్లు వెతికే పరీక్షలు. శిక్షణ కేంద్రం ఇచ్చిన కాగితానికి శిక్షణ విభాగంలో ఒక వరుస, అదీ హాజరైన గంటలతో మాత్రమే ఇచ్చాను. దాన్ని అర్హతగా చూపే కేంద్రాల మాట ఎవరూ నమ్మవద్దు.

పేజీ పైన, పేరు కిందనే, నేను మొదటి ప్రయత్నంలోనే గెలుచుకున్న సీస్విప్ 3.1 అనే వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ సర్టిఫికెట్ నిలిచింది. ప్రకటనలో మొదట అడిగినది అదే. దాని పక్కన సర్టిఫికెట్ నంబరు, జారీ చేసిన తేదీ, గడువు తేదీ రాశాను, ఎందుకంటే అది 5 సంవత్సరాలే చెల్లుతుంది, నంబరు ఉంటే సరిచూసుకోవడం సులువు. గడువు దగ్గరపడినవారు పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టిన తేదీని కూడా రాయడం మేలు.

కంటి పరీక్షను మాత్రం పేజీలో చేర్చలేదు. దగ్గరి చూపు పరీక్ష ఏటా చేయించుకోవలసినది కనుక, తాజా నివేదికను ఫైలులో ఉంచాను; పిలుపు ఫోనులో మొదట అడిగినది దాని తేదీనే.