చిన్నాన్న గృహరుణం: ఈఎంఐ మారకుండా గడువు పెరిగిన వైనం

మా చిన్నాన్న తన గృహరుణం స్టేట్‌మెంట్‌ను నా ముందు పెట్టి, "రెండేళ్లుగా ఒక్క వాయిదా కూడా తప్పలేదు, ఐదున్నర లక్షలు కట్టాను, అప్పు మాత్రం లక్షన్నరే తగ్గింది, ఇదెక్కడి లెక్క?" అని అడిగారు. స్టేట్‌మెంట్ మొత్తం ఇంగ్లీషులో ఉంది. దానిని ఆయనకు వివరించే క్రమంలో అంతకంటే పెద్ద విషయం ఒకటి బయటపడింది కాబట్టి, ఆ లెక్కను ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆయన ఖాతా వివరాలు బయటపెట్టడం నాకు ఇష్టం లేదు కనుక అప్పును 30 లక్షలకు, గడువును 20 ఏళ్లకు, మొదటి వడ్డీ రేటును 7 శాతానికి మార్చి చెబుతున్నాను. మధ్యలో ఆ రేటు రెండు విడతల్లో పెరిగినా ఒకేసారి పెరిగినట్టు తీసుకున్నాను.

ముందుగా ఆయన చేతిలో ఉన్న రెండు కాగితాలను వేరు చేశాను. ఒకటి స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్, అంటే ఇప్పటిదాకా ఏ తేదీన ఎంత వడ్డీ వేశారో, ఎంత జమ అయిందో చెప్పేది. రెండోది అమార్టైజేషన్ షెడ్యూల్, అంటే ఈ రేటు ఇలాగే ఉంటే చివరి వాయిదా వరకు అప్పు ఎలా తీరుతుందో ముందుగానే వేసిన పట్టిక. రుణం మంజూరైనప్పుడు ఇచ్చిన షెడ్యూల్‌ను చిన్నాన్న ఫైలులో భద్రంగా దాచుకున్నారు. అయితే ఫ్లోటింగ్ రేటు రుణంలో వడ్డీ మారిన రోజునే ఆ పట్టికకు కాలం చెల్లుతుంది.

పట్టికలో ప్రతి వరుసకూ ఒకే సూత్రం. ఆ నెల మొదట్లో ఉన్న అసలును సంవత్సరపు రేటుతో గుణించి 12తో భాగిస్తే ఆ నెల వడ్డీ వస్తుంది. ఈఎంఐలోంచి ముందు ఆ వడ్డీ పోతుంది, మిగిలినదే అసలుకు జమ అవుతుంది. 30 లక్షలకు 7 శాతం చొప్పున మొదటి నెల వడ్డీ 17,500 రూపాయలు. ఈఎంఐ 23,259 కాబట్టి అసలుకు పోయింది 5,759 మాత్రమే. రెండో నెల 29,94,241 రూపాయల మీద వడ్డీ లెక్కిస్తారు కనుక అది 17,466కు తగ్గుతుంది, అసలు వాటా 5,793కు పెరుగుతుంది. ఇలా నెలకు ముప్పై, నలభై రూపాయల చొప్పున మొదలైన మార్పు చివరి సంవత్సరాల్లో వేగం అందుకుంటుంది. బ్యాంకు ముందు వడ్డీ అంతా లాగేసుకుంటుందని చాలామంది అనుకుంటారు గానీ అది సరికాదు, మొదట్లో బాకీ ఎక్కువగా ఉంటుంది కనుక దాని మీద వడ్డీ కూడా ఎక్కువే ఉంటుంది. చిన్నాన్న చేత కాలిక్యులేటర్ మీద మూడు వరుసలు స్వయంగా వేయించాను. మూడూ కాగితంలోని అంకెలతో సరిపోయాక ఆయన సందేహం తీరింది. (కొన్ని సంస్థలు రోజువారీ బాకీ మీద వడ్డీ లెక్కిస్తాయి, అలాంటి చోట 31 రోజుల నెలకు కాస్త ఎక్కువ, ఫిబ్రవరికి కాస్త తక్కువ వస్తుంది.)

24 వాయిదాలకు ఆయన కట్టింది 5,58,216 రూపాయలు, అందులో అసలుకు చేరింది సుమారు 1,47,900, మిగిలిన 4,10,000కు పైగా వడ్డీ. బాకీ 28,52,103. ఇంతవరకు పాత షెడ్యూల్, స్టేట్‌మెంట్ రెండూ కలిసి నడిచాయి. ఆ తర్వాతి వరుస దగ్గర నేను ఆగిపోయాను. ఈఎంఐ అదే 23,259, కానీ వడ్డీ గడిలో 20,202, అసలు గడిలో 3,057 అని ఉన్నాయి. వరుస వరుసకూ తగ్గుతూ రావలసిన వడ్డీ ఒక్కసారిగా మూడున్నర వేలు పెరిగింది. 20,202ను 12తో గుణించి బాకీతో భాగించి చూస్తే రేటు 8.5 శాతం అని తేలింది. ఖాతాలోంచి పోయే మొత్తం మారలేదు కనుక రేటు పెరిగిన సంగతి చిన్నాన్న దృష్టికి రాలేదు, బ్యాంకు పంపిన సంక్షిప్త సందేశాన్ని ఆయన మామూలు ప్రకటన అనుకున్నారు.

ఈఎంఐ మారనప్పుడు పెరిగిన భారమంతా గడువు మీద పడుతుంది. ఎంత పడిందో తెలుసుకోవడానికి స్ప్రెడ్‌షీట్‌లో రెండు వరుసలు రాశాను.

```
=NPER(8.5%/12, -23259, 2852103)
=PMT(8.5%/12, 216, -2852103)
```

మొదటిది పాత ఈఎంఐతో ఎన్ని వాయిదాలు పడతాయో చెబుతుంది, జవాబు 287.5. ఒప్పందం ప్రకారం మిగలవలసినవి 216 మాత్రమే, అంటే దాదాపు ఆరేళ్లు పెరిగాయి. రెండోది 216 వాయిదాల్లోనే ముగించాలంటే ఈఎంఐ ఎంత ఉండాలో చెబుతుంది, జవాబు సుమారు 25,825. నెలకు 2,566 రూపాయలు పెంచకపోతే చివరికి దాదాపు 11 లక్షలు అదనంగా కట్టవలసి వస్తుంది. చిన్నాన్న ఉద్యోగ విరమణ పాత గడువుకు కొద్ది నెలల తర్వాతే ఉంది, ఈ కొత్త గడువు పింఛను రోజుల్లోకి చాలా దూరం చొచ్చుకుపోయింది. నన్ను నిజంగా కలవరపెట్టింది అదే.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య, రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగినప్పుడు ఎంతోమంది గృహరుణాల గడువు ఇలాగే సాగింది. ఆ తర్వాత 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, రెండూ కొంత కొంత కలపాలా అన్నది ఎంచుకునే అవకాశం రుణగ్రహీతకు ఇవ్వాలి. ప్రతి త్రైమాసికం చివర ఇచ్చే స్టేట్‌మెంట్‌లో అప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, ఈఎంఐ మొత్తం, మిగిలిన వాయిదాల సంఖ్య, వార్షిక వడ్డీ రేటు కనిపించాలి. చిన్నాన్న స్టేట్‌మెంట్ చివరి పేజీలో మిగిలిన వాయిదాల సంఖ్య 288 అని చిన్న అక్షరాల్లో ఉండనే ఉంది. నా లెక్క దానితో సరిపోయింది.

నెలకు రెండున్నర వేలు పెంచడం ఆయనకు కష్టం, కానీ చేతిలో 2 లక్షలు ఉన్నాయి. వ్యక్తులకు ఇచ్చిన ఫ్లోటింగ్ రేటు గృహరుణాలపై ముందస్తు చెల్లింపుకు జరిమానా వేయకూడదన్న నియమం ఉంది కాబట్టి ఆ దారి పట్టాం. 2 లక్షలు కడితే బాకీ 26,52,103 అవుతుంది, పాత ఈఎంఐతోనే వాయిదాలు 288 నుంచి 234కు తగ్గుతాయి. దానికి తోడు ఈఎంఐని 755 రూపాయలు పెంచి 24,014 చేస్తే మళ్లీ 216కే చేరతాయి. 2 లక్షలతో పాటు ఇంత చిన్న పెంపుతో ఆరేళ్లు వెనక్కి వస్తాయంటే చిన్నాన్న మొదట నమ్మలేదు, అదే సూత్రంలో అంకెలు మార్చి చూపించాను.

శాఖకు వెళ్లినప్పుడు మేము పట్టుబట్టింది ఒక్క విషయం మీదే. డబ్బు జమ చేసి ఊరుకుంటే కొన్నిచోట్ల గడువును అలాగే ఉంచి ఈఎంఐని తగ్గించేస్తారు. అందుకని ముందస్తు చెల్లింపు వల్ల గడువు తగ్గాలని, ఈఎంఐ 24,014 కావాలని, మిగిలిన వాయిదాలు 216 ఉండాలని, సవరించిన షెడ్యూల్ ఇవ్వాలని రాతపూర్వకంగా అడిగి, దరఖాస్తు నకలు మీద ముద్ర వేయించుకున్నాం. ఈఎంఐ మారింది కనుక ఖాతాలోంచి ఆటోమేటిక్‌గా పోయే మొత్తానికి కొత్త మాండేటు కూడా సంతకం చేయవలసి వచ్చింది.

కొత్త షెడ్యూల్ వచ్చాక చిన్నాన్న తానే మొదటి వరుసను సరిచూశారు. బాకీ 26,52,103, వడ్డీ 18,786, అసలు 5,228, ముగింపు బాకీ 26,46,875. తర్వాత చివరి పేజీ తిప్పి ఆఖరి వాయిదా సంఖ్య 216 అని చూసి, పాత షెడ్యూల్ మీద "రద్దు" అని రాసి ఫైలులో దీని వెనక పెట్టారు.