పావు తక్కువ ఎనిమిది

శనివారం రాత్రి, అనంతపురం

ఒంటిపూట బడులు మొదలైన దగ్గరి నుంచి మా బడిలో ఉదయం 7:45 కే మొదటి గంట కొడుతున్నారు. ఈ రోజు గంట మోగగానే రెండో తరగతి గంగాధర్ గోడ గడియారం వైపు తలెత్తి చూసి, "టీచర్, ఎనిమిదీ నలభై అయిదు అయిపోయింది, ఈ పొద్దు లేటుగా కొట్టినారు" అన్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు కానీ నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఏడేళ్ళ పిల్లలకు కష్టమనుకునే నిమిషాల లెక్క వాడు తప్పు లేకుండా చెప్పాడు. తప్పిందల్లా గంట ఒక్కటే. చిన్న ముల్లు ఏడును వదిలి ఎనిమిదికి బాగా దగ్గరగా వచ్చి ఉంది, వాడు దగ్గరగా ఉన్న అంకెను చదివాడు.

హాజరు వేసిన తరువాత వాడిని దగ్గరికి పిలిచి, నా చేతి గడియారం ముళ్ళు తిప్పి నాలుగు వేళలు చూపించాను. 9:05, 9:20 రెండూ సరిగ్గా చెప్పాడు. 9:40 ని 10:40 అన్నాడు, 9:55 ని 10:55 అన్నాడు. అరగంట దాటే దాకా చిన్న ముల్లు తన అంకెకే దగ్గరగా ఉంటుంది కనుక, దగ్గరి అంకెను చదివే పిల్లవాడు కూడా సరైన జవాబే చెబుతాడు, వాడి పొరపాటు మనకు కనబడదు. ఇన్నాళ్ళూ నేను పదింబావు, పదిన్నర లాంటి తేలిక వేళలతోనే పరీక్షించి వీడికి గడియారం వచ్చేసిందనుకున్నాను. ఈ తప్పులో సగం నాదే.

పిల్లలకు గడియారాలు చేయడానికి నిన్న సాయంత్రమే బజారులో తొమ్మిది అంగుళాల తెల్ల కాగితపు ప్లేట్ల కట్ట ఒకటి కొన్నాను. వెండి పూత ఉన్నవి చవకే కానీ, వాటి మీద స్కెచ్ పెన్ను రాత నిలవదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. ముళ్ళకు ఇంట్లో పడి ఉన్న పాత శుభలేఖల అట్టలు పనికొచ్చాయి. చిన్న ముల్లు రెండు అంగుళాలు, పెద్ద ముల్లు మూడున్నర అంగుళాలు కత్తిరించాను, పొడవులో తేడా ఇంత స్పష్టంగా లేకపోతే పిల్లలు ఏది ఏదో పోల్చుకోలేరు. వెనక్కి మడిచే ఇత్తడి పిన్నులు దుకాణంలో దొరకలేదు కాబట్టి, ముందొక చొక్కా గుండీ, వెనకొక గుండీ పెట్టి దారంతో కుట్టాను. ముడి బిగువు సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువే, ప్లేటును నిలువుగా పట్టుకుని ఒకసారి ఊపితే, వదులుగా ఉన్న ముల్లు జారి ఆరు దగ్గర వేలాడుతుంది.

అంకెలు మాత్రం పిల్లల చేతనే రాయించాను. ఒకటి నుంచి వరుసగా రాసుకుంటూ పోయిన షాహీన్ ప్లేటులో పన్నెండు వచ్చి తొమ్మిది ఉండవలసిన చోట కూర్చుంది, మిగతా పావు వంతు ఖాళీగా మిగిలింది. కొత్త ప్లేటు ఇచ్చి, ముందు పైన 12, కింద 6, పక్కల 3, 9 రాసి, ఒక్కొక్క సందులో రెండేసి అంకెలు సర్దమన్నాను. అప్పుడు కుదిరింది.

తరువాత పెద్ద ముల్లును కదిలించకుండా, కనబడకుండా ఒక అట్టముక్కతో కప్పేసి, చిన్న ముల్లుతో మాత్రమే ఆట మొదలుపెట్టాను. ఒక్కొక్క అంకె నుంచి తరువాతి అంకె దాకా ఉన్న ముక్కకు పసుపు, తెలుపు మార్చి మార్చి రంగులు వేయించి, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క ఇల్లు అన్నాను. అంకె ఆ ఇంటి వాకిలి. ముల్లు ఆ వాకిలి దాటి లోపలికి వచ్చిందంటే, తరువాతి వాకిలి దాటే దాకా ఆ ఇంట్లోనే ఉన్నట్టు. నేను ముల్లును తిప్పి ఆపుతాను, పిల్లలు అది ఎవరి ఇంట్లో ఉందో చెప్పాలి. నిమిషాల ఊసే లేదు. మొదట్లో గంగాధర్ మళ్ళీ దగ్గరి అంకెనే చెప్పాడు. నాలుగైదు సార్లు అయ్యాక, ఏడు, ఎనిమిదిల మధ్య ఎనిమిదికి వెంట్రుకవాసి దూరంలో ముల్లును ఆపితే, వాడు ప్లేటు మీదికి వంగి చూసి, "ఎనిమిది దగ్గరికి పోతాండాది, ఇంగా వాకిలి దాటలేదు టీచర్, ఏడు ఇల్లే" అన్నాడు. ఈ ఒక్క వాక్యం కోసం నాకు దాదాపు ముప్పావు గంట పట్టింది, అయినా అదేమీ ఎక్కువ అనిపించలేదు.

అట్టముక్క తీసి రెండు ముళ్ళూ బయటపెట్టాక అసలు చిక్కు వచ్చింది. ఏడున్నర చూపించమంటే పదిమందిలో ఎనిమిదిమంది పెద్ద ముల్లును ఆరు మీదికి తెచ్చి, చిన్న ముల్లును సూటిగా ఏడు వాకిట్లోనే నిలబెట్టారు. తప్పు పిల్లలది కాదు. నిజమైన గడియారంలో లోపలి పళ్ళ చక్రాలు రెండు ముళ్ళనూ కలిపి నడుపుతాయి, పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగేసరికి చిన్న ముల్లు ఒక ఇల్లు దాటుతుంది. ప్లేటులో దేని దారి దానిదే కనుక, ఏ గడియారమూ ఎన్నడూ చూపని వేళను కూడా అది చూపుతుంది. స్టాఫ్ రూములో మూలన పడి ఉన్న గోడ గడియారం తెచ్చి, సెల్లు తీసేసి, వెనక ఉన్న చిన్న మరను పిల్లల చేత తిప్పించాను. పెద్ద ముల్లు గిర్రున తిరుగుతుంటే చిన్నది నిద్రపోయినట్టు కనబడుతుంది, కానీ పెద్దది ఆరు దగ్గరికి వచ్చేసరికి చిన్నది ఇంటి నడిమిలో ఉంటుంది. అది చూశాక ఆటకు 'దొంగ గడియారం' అని పేరు పెట్టాము. ప్లేటు మీద నేను ఒక వేళ పెడతాను, అది జరిగేదో జరగనిదో పిల్లలు పట్టుకోవాలి. పెద్ద ముల్లు తొమ్మిది మీద ఉండి చిన్నది సరిగ్గా ఏడు మీద ఉంటే అది దొంగే, ఎందుకంటే పెద్దది ముప్పావు చుట్టు తిరిగినప్పుడు చిన్నది కూడా ఇంట్లో ముప్పావు భాగం నడిచి ఉండాలి. షాహీన్ వరుసగా మూడు దొంగలను పట్టుకుంది.

అంతా కుదిరిందనుకున్న సమయంలో గంగాధర్ అడిగాడు: "మా అవ్వ పావు తక్కువ ఎనిమిది అంటాది, మీరేమో ఏడు ఇల్లు అంటారు. ఏది నిజం టీచర్?" మన మాటలోనే ఈ మెలిక ఉందని నాకు అంతవరకు తట్టలేదు. ఏడుంబావు, ఏడున్నర అనేవి ఉన్న ఇంటి పేరు చెబుతాయి, పావు తక్కువ ఎనిమిది మాత్రం ఇంకా చేరని ఇంటి పేరు చెబుతుంది. ఇంట్లో రోజూ అది వింటున్న పిల్లవాడికి ఎనిమిది ముందుగా నోటికి రావడంలో వింతేముంది? పాత గడియారంలోనే ఎనిమిది గంటలు పెట్టి, మరను వెనక్కి తిప్పుతూ పెద్ద ముల్లును పన్నెండు నుంచి తొమ్మిది దాకా తెచ్చాను. చిన్న ముల్లు ఎనిమిది వాకిలి నుంచి వెనక్కి జరిగి ఏడు ఇంట్లోకి వచ్చింది. "అవ్వ ఎనిమిది వాకిట్లో నిలబడి, రావడానికి ఇంకా పావు గంట ఉందని చెబుతోంది, మనం ముల్లు ఉన్న ఇంటి పేరు చెబుతున్నాము" అన్నాను. వాడు తల ఊపాడు. అర్థమయిందో, నా కోసం ఊపాడో సోమవారం ఉదయం గంట కొట్టినప్పుడు తెలుస్తుంది.

ఇంకొకటి మిగిలింది. గుర్తు కోసం చిన్న ముల్లుకు ఎరుపు, పెద్ద ముల్లుకు నీలం వేశాను, గోడ గడియారంలో రెండూ నలుపే. రంగు చూసి చదవడం అలవాటు కాకముందే వచ్చే వారం నలుపు ముళ్ళు కుట్టాలి. 12:30 కి బడి వదిలినప్పుడు గంగాధర్ తన ప్లేటును అవ్వకు చూపిస్తానని చొక్కా లోపల దాచుకుని పోయాడు. నా బల్ల మీద ముళ్ళు ఆరు దగ్గర వేలాడుతున్న ప్లేట్లు రెండు ఉన్నాయి, వాటి దారం విప్పి మళ్ళీ బిగించాలి.