మజ్జ స్లైడ్ లాగ్: ఎర్ర కణాల వరుస, ఎం:ఈ లెక్క, రెటిక్ కౌంట్

మామూలు రక్తం స్మియర్లు అయ్యాయి కాబట్టి ఈ విడత ఎముక మజ్జ. మూలకణం నుంచి ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అనే మూడు రకాలు ఎలా తయారవుతాయో స్లైడ్ మీద ఒక్కో మెట్టు గుర్తుపట్టడం, తర్వాత లెక్కపెట్టి ఆ లెక్కకు అర్థం వెతకడం పని. మూడింట్లో ఎర్ర కణాల వరుసనే ముందు పట్టుకున్నాం. అందులో మార్పు రంగులోనే కనిపిస్తుంది కాబట్టి కొత్త కన్నుకు కూడా దొరుకుతుంది.

స్లైడ్ సంగతి

మజ్జ ఇంట్లో తీసుకునేది కాదు. డాక్టర్లు తుంటి ఎముక నుంచి సూదితో తీస్తారు. అందుకే రంగు వేసి కవర్‌స్లిప్ అంటించిన టీచింగ్ స్లైడ్లతోనే పని. కోఠి వైపు దుకాణాల్లో రక్తం స్లైడ్ చేతికి దొరికినా, మజ్జ స్లైడ్‌కు ముందే చెప్పి ఉంచాలి. "బోన్ మ్యారో స్లైడ్" అని మాత్రమే అడిగితే సెక్షన్, అంటే పలుచగా కోసిన ముక్క, చేతిలో పెట్టే అవకాశం ఉంది. సెక్షన్‌లో మజ్జ అమరిక తెలుస్తుంది గానీ కణం లోపలి వివరం అందదు. స్మియర్ కావాలని గట్టిగా చెప్పాలి. మా దగ్గర రెండు ఉన్నాయి: ఒకటి నార్మల్, ఒకటి మెగాలోబ్లాస్టిక్.

ముందే ఒప్పుకోవాల్సిన హద్దు ఒకటుంది. మూలకణాన్ని ఈ స్లైడ్‌లో చూపించలేం. చూడ్డానికి అది చిన్న లింఫోసైట్‌లా ఉంటుంది, పైగా చాలా అరుదు. ల్యాబుల్లో కణం పైపొర మీద ఉండే సీడీ34 లాంటి గుర్తులను బట్టి వేరుచేస్తారు. అది ఉందని తేలింది కూడా కంటితో చూసి కాదు. 1961లో టొరంటోలో టిల్, మెక్‌కల్లక్ అనే ఇద్దరు, రేడియేషన్‌తో మజ్జ చచ్చిన ఎలుకలకు వేరే ఎలుకల మజ్జ కణాలు ఎక్కించారు. కొన్ని రోజులకు వాటి ప్లీహం మీద బొడిపెలు లేచాయి. ఒక్కో బొడిపె ఒక్కో కణం నుంచి పుట్టిందని, ఒకే బొడిపెలో వేర్వేరు రకాల రక్తకణాలు ఉండొచ్చని తర్వాతి పనిలో తేలింది. కాబట్టి స్లైడ్ మీద మన కథ మూలకణం దగ్గర కాదు, దాని సంతానం ఏదో ఒక దారి పట్టిన తర్వాతే మొదలవుతుంది.

10ఎక్స్ కింద: ముందు మెగాకారియోసైట్

నేరుగా ఆయిల్ లెన్సుకు వెళ్లొద్దు. 10ఎక్స్‌లో స్మియర్ తోక వైపు మజ్జ ముక్కలు, వాటి చుట్టూ కొవ్వు వదిలిన ఖాళీ గుండ్రాలు కనిపించాలి. అవి లేకపోతే ఆ శాంపిల్‌లో మజ్జ కంటే రక్తం ఎక్కువ కలిసిందని అర్థం. దాని మీద ఎంత లెక్కపెట్టినా దండగే.

ఆ ముక్కల అంచుల్లోనే మెగాకారియోసైట్లు దొరుకుతాయి. 50 నుంచి 100 మైక్రాన్ల కణం కాబట్టి 10ఎక్స్‌లోనే తెలిసిపోతుంది. ఇది విడిపోకుండానే డీఎన్ఏను మళ్లీ మళ్లీ రెట్టింపు చేసుకుంటుంది. సాధారణంగా ఎనిమిది రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే న్యూక్లియస్ అంత పెద్దగా, మడతలు పడి ఉంటుంది. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కూడా ఇంతే పెద్దది, కానీ దానిలో న్యూక్లియస్‌లు విడివిడిగా ఉంటాయి. మెగాకారియోసైట్‌లో ఎన్ని మడతలున్నా న్యూక్లియస్ ఒకటే. దాని సైటోప్లాజం రక్తనాళంలోకి పొడవాటి పోగులుగా సాగి, తెగి, వేల సంఖ్యలో ప్లేట్‌లెట్లు అవుతాయి.

ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. డెంగీ సీజన్‌లో నగరమంతా ప్లేట్‌లెట్ల లెక్క చుట్టూనే తిరుగుతుంది కాబట్టి ఒక మాట: మెషీన్ తక్కువ చూపినప్పుడు స్మియర్ అంచుల్లో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టాయేమో చూడాలి. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేసిన ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు అతుక్కుంటాయి, మెషీన్ వాటిని విడివిడిగా లెక్కపెట్టలేదు.

100ఎక్స్ కింద: ఎర్ర వరుస

కండెన్సర్ పైకెత్తి, డయాఫ్రం బాగా తెరిచి, ఆయిల్ వేసి చూడాలి. కణాలు ఒకదాని మీద ఒకటి పడని పలుచని చోటు ఎంచుకోవాలి.

మొదటి మెట్టు ప్రోఎరిత్రోబ్లాస్ట్. 14 నుంచి 20 మైక్రాన్లు. న్యూక్లియస్ గుండ్రంగా, క్రొమాటిన్ సన్నగా పరుచుకుని, లోపల న్యూక్లియోలై కనిపిస్తాయి. చుట్టూ సైటోప్లాజం ముదురు నీలం. ఆ నీలం హీమోగ్లోబిన్ తయారీకి సిద్ధమవుతున్న రైబోజోముల ఆర్‌ఎన్ఏది. తర్వాతిది బేసోఫిలిక్. నీలం అలాగే ఉంటుంది, క్రొమాటిన్ గడ్డకట్టడం మొదలవుతుంది. మూడోది పాలీక్రొమాటిక్. ఇక్కడ హీమోగ్లోబిన్ గులాబీ రంగు, ఆర్‌ఎన్ఏ నీలం కలిసి సైటోప్లాజం బూడిద రంగుకు తిరుగుతుంది. విభజన ఇక్కడితో సరి. నాలుగోది ఆర్థోక్రొమాటిక్. సైటోప్లాజం దాదాపు గులాబీ, న్యూక్లియస్ చిన్న సిరాచుక్కలా నల్లగా ముడుచుకుంటుంది. ఆ న్యూక్లియస్‌ను కణం బయటికి తోసేస్తే, పక్కనే ఉన్న మాక్రోఫేజ్ దాన్ని మింగేస్తుంది. మిగిలినది రెటిక్యులోసైట్.

తికమక ఎక్కడంటే, పాలీక్రొమాటిక్ కణాన్ని లింఫోసైట్ అనుకోవడం. సైజు దగ్గరదగ్గరే. తేడా సైటోప్లాజంలో చూడాలి: లింఫోసైట్‌ది తేట ఆకాశనీలం, దీనిది మురికి బూడిద. న్యూక్లియస్ కూడా దీనిదే పక్కా గుండ్రం.

ఈ గుర్తింపు అంతా రంగు మీదే నిలబడి ఉంది కాబట్టి స్టెయిన్ తప్పితే అన్నీ తప్పుతాయి. పోల్చి చూడ్డానికి మన వేలి రక్తం స్మియర్‌కు లీష్మన్ స్టెయిన్ వేసేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. స్మియర్ మీద స్టెయిన్ పోసి 2 నిమిషాలు, పైన రెట్టింపు బఫర్ కలిపి 8 నుంచి 10 నిమిషాలు ఉంచుతాం. బఫర్ పీహెచ్ 6.8 ఉండాలి. బోరు నీళ్లు వాడితే క్షారం ఎక్కువై ఎర్ర కణాలు కూడా నీలం పచ్చగా తేలతాయి, అప్పుడు గులాబీకీ బూడిదకూ తేడా చెప్పలేం. వానాకాలంలో ఇంకో చిక్కు: గాలిలో తేమకు స్మియర్ నెమ్మదిగా ఆరి, ఎర్ర కణాల్లో మెరిసే గుండ్రాలు ఏర్పడతాయి. లాగిన వెంటనే ఫ్యాన్ కింద ఆరబెడితే సరిపోతుంది. వేలి రక్తానికి ప్రతిసారీ కొత్త లాన్సెట్, చేతికి గ్లవ్స్. మిథనాల్ ఉన్న స్టెయిన్ పొయ్యికి దూరంగా ఉండాలి.

లెక్క, దాని పేచీ

నార్మల్ స్లైడ్‌లో న్యూక్లియస్ ఉన్న కణాలు 500 లెక్కపెట్టాం. మయలాయిడ్, అంటే న్యూట్రోఫిల్, దాని బంధువుల వరుస 310. ఎరిత్రాయిడ్, అంటే ఎర్ర వరుస 105. మిగతా 85 లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు, ఇతరాలు. 310ని 105తో భాగిస్తే సుమారు 3. దీన్నే ఎం:ఈ నిష్పత్తి అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 2 నుంచి 4 మధ్య ఉంటుంది.

ఇప్పుడు రక్తం చూడండి. మైక్రోలీటరులో ఎర్ర కణాలు 50 లక్షలు, తెల్ల కణాలు 7 వేలు. ఒక తెల్ల కణానికి 700 ఎర్ర కణాలు. మరి మజ్జలో తెల్లవాటి వరుసే మూడు రెట్లు ఎందుకుంది?

సగం జవాబు ఆయుష్షు. ఎర్ర కణం 120 రోజులు తిరుగుతుంది, న్యూట్రోఫిల్ రక్తంలో కొన్ని గంటలే ఉండి కణజాలంలోకి వెళ్లిపోతుంది. 50 లక్షలను 120తో భాగిస్తే మైక్రోలీటరుకు రోజుకు దాదాపు 42 వేల ఎర్ర కణాలు కొత్తవి రావాలి. న్యూట్రోఫిల్‌లు 4 వేలే ఉన్నా రోజులో రెండు మూడు సార్లు మారిపోతాయి. నాళాల గోడలకు అంటుకుని ఉన్నవాటిని కూడా కలిపితే రోజుకు 20 వేలకు దగ్గరగా వస్తుంది. అంటే తేడా 700 రెట్ల నుంచి రెండు రెట్లకు పడిపోయింది.

అయినా ఉత్పత్తిలో ఎర్ర కణాలే రెట్టింపు, మజ్జలో మాత్రం మూడో వంతు. మిగతా సగం జవాబు ఆగే సమయంలో ఉంది. న్యూట్రోఫిల్ వరుసలో విభజన మయలోసైట్ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత మెటామయలోసైట్, బ్యాండ్, సెగ్మెంటెడ్ దశల్లో కణాలు మరికొన్ని రోజులు మజ్జలోనే నిల్వ ఉంటాయి. ఇన్ఫెక్షన్ వస్తే ముందు బయటికి వచ్చేది ఈ నిల్వే. మా 310లో ఈ మూడు దశలవే 215. ఎర్ర వరుసలో అలా కాదు. పని ముగియగానే న్యూక్లియస్ పోతుంది, ఆ కణం మజ్జలోనే ఇంకా ఒకటి రెండు రోజులు ఉన్నా మన లెక్కలోకి రాదు. కాబట్టి ఎం:ఈ అంకె ఉత్పత్తి వేగం చెప్పదు. ఆ క్షణంలో మజ్జలో ఎవరెంత మంది నిలబడి ఉన్నారో చెబుతుంది, అంతే.

వేగం కావాలంటే రెటిక్ కౌంట్

రెటిక్యులోసైట్ రక్తంలోకి వచ్చాక సుమారు ఒక రోజు ఆ దశలో ఉంటుంది. రోజుకు 42 వేలు వస్తే 50 లక్షల్లో అది 0.8 శాతం. పుస్తకాల్లో నార్మల్ 0.5 నుంచి 2.5 అని ఉండటానికి మూలం ఇదే.

ఈ పరీక్షకు కణం బతికుండగానే రంగు పట్టాలి, మిథనాల్‌తో ఫిక్స్ చేయకూడదు. న్యూ మిథిలీన్ బ్లూను వడకట్టి, రక్తం, స్టెయిన్ సమానంగా కలిపి, 37 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. గోరువెచ్చని నీళ్ల గ్లాసులో ట్యూబు నిలబెడితే చాలు. తర్వాత మళ్లీ మెల్లగా కలిపి స్మియర్ లాగాలి. కలపడం మరిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే రెటిక్‌లు తేలికగా ఉండి పైకి చేరతాయి. ఆర్‌ఎన్ఏ మిగులు నీలం వల పోగుల్లా కనిపిస్తుంది. స్టెయిన్ ముద్దలు కూడా అలాగే మోసం చేస్తాయి, కానీ ఫోకస్ కొంచెం తిప్పితే అవి కణం కంటే పైన ఉన్నాయని తెలుస్తుంది.

వెయ్యి కణాల్లో 10 రెటిక్‌లు వస్తే 1 శాతం. అదే స్మియర్ మళ్లీ లెక్కపెడితే 6 రావొచ్చు, 14 రావొచ్చు. అది చేతి తప్పు కాదు, చిన్న అంకెల స్వభావం. 2 వేలు లెక్కపెడితే మేలు.

రక్తహీనతలో శాతాన్ని ఉన్నది ఉన్నట్టు నమ్మకూడదు. ఉదాహరణకు పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల వంతు, 25 శాతం, రెటిక్ 6 శాతం అనుకుందాం. చూడ్డానికి మజ్జ జోరుగా పని చేస్తున్నట్టుంది. కానీ మొత్తం ఎర్ర కణాలే తక్కువ కాబట్టి 6ను 25తో హెచ్చించి నార్మల్ పీసీవీ అయిన 45తో భాగించాలి: 3.3. పైగా ఇలాంటప్పుడు రెటిక్‌లు ముందే బయటికి వచ్చి రక్తంలో రెండు రోజులుంటాయి, ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. 2తో భాగిస్తే 1.7. గట్టిగా స్పందిస్తున్న మజ్జకు ఇది 3 దాటాలి, 2 కంటే తక్కువంటే స్పందన చాలడం లేదని అర్థం.

రెండో స్లైడ్

మెగాలోబ్లాస్టిక్ స్లైడ్‌లో బీ12 గానీ ఫోలేట్ గానీ అందక డీఎన్ఏ తయారీ వెనకబడింది, హీమోగ్లోబిన్ తయారీ మాత్రం ఆగలేదు. అందుకే పెద్ద కణంలో సైటోప్లాజం గులాబీకి తిరిగినా న్యూక్లియస్ ఇంకా జల్లెడలా తెరుచుకునే ఉంటుంది. నార్మల్ స్లైడ్‌లో ఈ జంట ఎక్కడా కనపడదు. ఇక్కడ ఎం:ఈ 1కి దగ్గరగా వచ్చింది, ఎర్ర వరుస కిక్కిరిసి ఉంది. ఇలాంటి రోగుల రక్తంలో మాత్రం రెటిక్ తక్కువే ఉంటుంది, ఎందుకంటే చాలా కణాలు బయటికి రాకముందే మజ్జలో చచ్చిపోతాయి. వేరే కారణంతో ఎర్ర కణాలు పగిలిపోతున్నప్పుడు కూడా ఎం:ఈ ఇలాగే పడిపోతుంది, కానీ అప్పుడు రెటిక్ పెరుగుతుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెడితేనే ఈ రెండూ విడిపోతాయి. బీ12 ఇంజక్షన్ మొదలైతే మూడు నాలుగు రోజుల్లో రెటిక్ లేచి, వారం ప్రాంతంలో శిఖరానికి చేరుతుంది. హీమోగ్లోబిన్ ఆ తర్వాతే కదులుతుంది.

తర్వాతి విడత ఇదే స్లైడ్‌లో న్యూట్రోఫిల్ వరుస: పెద్ద మెటామయలోసైట్లు, ఆరు లంబికల సెగ్మెంటెడ్ కణాలు.